ఒకే స్పెల్లింగ్, రెండు ఉచ్చారణలు: రెండు వందల మాటల జాబితాను ఏం చేయాలి?

ప్రశ్న: పెద్దవాళ్లకు ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పే తరగతి నడుపుతున్నాను. అందరి మాతృభాషా తెలుగే. ఒకే స్పెల్లింగ్‌తో ఉండి రెండు రకాలుగా పలికే మాటలను చాలాకాలంగా ఒక నోటుపుస్తకంలో పోగు చేస్తున్నాను. లీడ్–లెడ్, టియర్–టేర్ జంటలతో మొదలైన ఆ జాబితా ఇప్పుడు రెండు వందలు దాటింది. దానిని అక్షరక్రమంలో రెండు నిలువు వరుసలుగా రాసి తరగతిలో పంచాను. అప్పగించమంటే అందరూ చక్కగా అప్పగించారు. పేరా చదవమంటే మాత్రం, అంతకుముందు తడుముకోకుండా చదివినవాళ్లు కూడా ఆ మాటల దగ్గర ఆగిపోతున్నారు. కొందరు రెండు ఉచ్చారణలూ పలికి నా ముఖం వైపు చూస్తున్నారు. "దీనికి సూత్రమేమీ లేదా?" అని ఒకాయన అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇవన్నీ పొడుపుకథలని, తీసిపారేయమని తోటి ఉపాధ్యాయురాలు అంటున్నారు. జాబితాను ఉంచాలా, మానేయాలా, మరోలా నేర్పాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ విద్యార్థులు పాఠం నేర్చుకోలేదని అనుకోకండి. మీరు ఇచ్చినదానిని ఇచ్చినట్టే నేర్చుకున్నారు. రెండు నిలువు వరుసల పట్టిక ఒక మాటకు రెండు ఉచ్చారణలు ఉన్నాయని మాత్రమే చెబుతుంది. చదివేవాడికి కావలసింది ఈ వాక్యంలో ఏది అన్నది. జంటగా కంఠస్థం చేసిన మాట జంటగానే జ్ఞాపకానికి వస్తుంది కాబట్టి, ఆ మాట కనబడగానే రెండు ఉచ్చారణలూ ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చి, చదువు ఆగుతుంది.

అయితే ఆ ఆగడం అందరిలో ఒకటి కాదు, దానిని ముందుగా విడదీసి చూడండి. మాటకు ముందు క్షణం ఆగి, తరువాత సరైన ఉచ్చారణే పలికేవారికి జ్ఞానంలో లోటు లేదు. వారి కన్ను గొంతుకంటే తగినంత ముందు నడవడం లేదు, అంతే. రెండూ పలికి మీ ముఖం చూసేవారికి ఏ ఆధారంతో ఎంచుకోవాలో తెలియదు. ఇక మూడో రకం వారు ఎక్కడా ఆగరు, హాయిగా తప్పు పలుకుతూ వెళ్లిపోతారు. ఉత్తరంలో మీరు వారి గురించి రాయలేదు గాని, ప్రతి తరగతిలోనూ ఉంటారు. నిజానికి మీ జాబితా ఎక్కువగా అక్కరకు రావలసింది వారికే.

ఇప్పుడు సూత్రం సంగతి. మీ జాబితా మొత్తానికి ఒక సూత్రం లేదు, ఎందుకంటే అది ఒక జాబితా కాదు. వేరువేరు కారణాల వల్ల ఏర్పడిన మాటలు అక్షరక్రమం పుణ్యమా అని పక్కపక్కన చేరాయి. వాటిని విడదీస్తే చాలా భాగానికి సూత్రం ఉంది, కొద్ది భాగానికి లేదు. ముందుగా ఒక జల్లెడ పట్టండి. బ్యాంక్, బ్యాట్ వంటివి ఒకే స్పెల్లింగ్‌తో రెండు అర్థాలు ఇచ్చేవే గాని ఉచ్చారణ ఒక్కటే. ఇంత పెద్ద జాబితాలోకి అలాంటివి తప్పక చొరబడి ఉంటాయి. అవి మీ తరగతికి సంబంధించినవి కావు. ఉచ్చారణ కూడా మారేవాటినే హెటెరోనిమ్‌లు అంటారు. అవి మూడు కుప్పలుగా విడిపోతాయి.

మొదటి కుప్ప మీరు ఎంతో ఇష్టంగా పోగు చేసినది: లీడ్, టియర్, విండ్, వూండ్, బో, రో, మినిట్, బేస్. వీటిలో చాలావాటి రెండు అర్థాలకూ చుట్టరికం లేదు. ఎల్-ఈ-ఏ-డి అని రాసిన మాట దారి చూపించు అనే క్రియ అయినప్పుడు లీడ్ అవుతుంది, సీసం అనే లోహం అయినప్పుడు లెడ్ అవుతుంది. పాత ఇంగ్లీషులో ఇవి వేరువేరు మాటలు, వాటి రూపాలూ వేరు. కాలక్రమంలో రెండింటా దీర్ఘాచ్చే నిలిచి, ఒకే రాత స్థిరపడింది. తరువాత క్రియలోని అచ్చు మరింత మారి 'ఈ' అయింది. లోహం పేరులోని అచ్చు 'డ్' ముందు కురచబడి 'ఎ' అయింది. హెడ్, బ్రెడ్, డెడ్ అనే మాటల్లోనూ ఈ-ఏ అని రాసి 'ఎ' అని పలకడానికి కారణం అదే కురచబాటు. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టిన తరువాతి కాలంలో రాత క్రమంగా గట్టిపడింది, నోరు మాత్రం మారుతూనే పోయింది. తెలుగులో రాసినట్టే చదువుతాం కదా, ఇంగ్లీషు అలా ఎందుకు లేదని అడిగే విద్యార్థికి ఈ ఒక్క మాట కథ చెబితే చాలు, ప్రతి మాటకూ చరిత్ర చెప్పనక్కర లేదు.

ఈ కుప్పలో వ్యాకరణం కొంతమేరకు సాయపడుతుంది. లీడ్ క్రియ అయితే దీర్ఘం, లోహం అయితే హ్రస్వం. డబ్ల్యూ-ఐ-ఎన్-డి క్రియ అయితే వైండ్ అంటే చుట్టడం, నామవాచకం అయితే విండ్ అంటే గాలి. కొన్నిచోట్ల మాత్రం వ్యాకరణం పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఆమె కంటిలో టియర్ ఉంది, ఆమె చొక్కా చేతికి టేర్ ఉంది అనే రెండు వాక్యాలను ఇంగ్లీషులో రాస్తే, ఆ మాట వరకూ రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. రెండు చోట్లా అది నామవాచకమే. కన్నా, చొక్కా అన్నది మాట తరువాతనే తెలుస్తుంది. దీనికి సూత్రం లేదు. వాక్యం చివరిదాకా కన్ను వెళ్లి వచ్చాకనే గొంతు కదలాలి. ఆ ప్రశ్న అడిగిన పెద్దమనిషికి ఈ జంటల విషయంలో "సూత్రం లేదు" అని చెప్పడమే నిజాయితీ. అయితే ఇవి ఎన్నో లేవని కూడా చెప్పండి. రోజువారీ చదువులో ఎదురయ్యేవి పది పన్నెండుకు మించవు. లివ్–లైవ్ జంట అన్నింటికంటే తరచుగా వస్తుంది, అది మీ జాబితాలో లేకపోతే చేర్చండి. జీవించు అనే క్రియ లివ్, ప్రత్యక్ష ప్రసారానికి వాడే విశేషణం లైవ్. ఎన్-యు-ఎం-బి-ఈ-ఆర్ అని రాసి 'మరింత తిమ్మిరెక్కిన' అనే అర్థంలో నమ్మర్ అని పలికే మాట, ఆడ జింకల బహువచనమైన డోజ్ వంటివి చమత్కారానికి బాగుంటాయి. వాటిని కొట్టివేయడానికి సందేహించవద్దు. మీ తోటి ఉపాధ్యాయురాలు పొడుపుకథలు అన్నది ఈ మాటల వరకూ న్యాయమే.

రెండో కుప్ప ఊనికతో, అంటే మాటలో ఏ సిలబుల్‌ను బలంగా ఒత్తి పలుకుతామన్నదానితో మారేది. రికార్డ్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్, పర్మిట్, కాండక్ట్, ప్రాజెక్ట్, ప్రొడ్యూస్, రెబెల్ వంటి రెండు సిలబుళ్ల మాటలివి. నామవాచకమైతే ఊనిక మొదటి సిలబుల్ మీద, క్రియ అయితే రెండోదాని మీద పడుతుంది. ఊనిక తప్పిన సిలబుల్‌లోని అచ్చు సాధారణంగా నీరసపడుతుంది. అందుకే నామవాచకం రెకర్డ్‌లో మొదటి అచ్చు స్పష్టమైన 'ఎ', క్రియలో అదే కురచ 'రి'. ఈ అలవాటు ఇంగ్లీషులో క్రమంగా పెరిగింది. పాత నిఘంటువులను వరుసగా పరిశీలించినవారు 1570 నాటికి ఇలాంటి జంటలు 3 మాత్రమే ఉన్నాయని, 1934 నాటికి 150 అయ్యాయని లెక్కగట్టారు. ఆ మొదటి మూడింటిలో రెబెల్, రికార్డ్ ఉన్నాయి, మూడోది అవుట్‌లా. అంటే సూత్రం ఒక్కసారిగా మాటలన్నింటికీ వర్తించలేదు, ఒక్కొక్క మాటా వచ్చి చేరింది. చేరనివి ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. రిపోర్ట్, రిప్లై, కంట్రోల్, సపోర్ట్, అటాక్ – ఇవి నామవాచకమైనా క్రియ అయినా ఊనిక రెండోదాని మీదనే. ఆన్సర్, విజిట్‌లలో ఎప్పుడూ మొదటిదాని మీదనే. సూత్రం చెప్పిన రోజునే ఈ మినహాయింపులు కూడా చెప్పకపోతే, వారం తిరక్కుండా విద్యార్థులు రిపోర్ట్‌ను మొదటి సిలబుల్ మీద ఒత్తి పలకడం మొదలుపెడతారు. అప్పటిదాకా వారు దానిని సరిగానే పలికేవారు.

తెలుగువారికి అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట తట్టింది కూడా ఇదే. సీసం పేరును లీడ్ అని తప్పు చదివిన విద్యార్థిని సరిదిద్దితే వెంటనే సరిదిద్దుకుంటాడు, ఎందుకంటే ఆ మాట అతనికి కొత్త. రికార్డు మాత్రం అతని నోట చిన్నప్పటినుంచీ ఉంది. 'రికార్డు బద్దలైంది' అంటున్నప్పుడు అది నామవాచకం, కాని తెలుగులో మనం పలికే తీరు ఇంగ్లీషు క్రియకు దగ్గర. 'ఎస్టిమేట్ వేశాడు', 'ఆయన గ్రాడ్యుయేట్', 'సెపరేట్ గది', 'పేరున్న అడ్వకేట్' అనేటప్పుడూ ఇదే జరుగుతుంది. మాట నామవాచకమో విశేషణమో అయి ఉంటుంది, ఉచ్చారణ క్రియది. దీనికి భిన్నంగా, అరుదుగా, రెండు రూపాలూ వేరువేరుగా తెలుగులోకి వచ్చి నిలిచాయి. 'కాండక్ట్ సర్టిఫికెట్'లో నామవాచకపు ఉచ్చారణ, 'కండక్టర్'లో క్రియ ఉచ్చారణ ఉన్నాయి. తెలుగు నోరు ఈ తేడాను మోయలేదని ఎవరైనా అంటే ఈ రెండు మాటలు చూపించండి. తెలుగు మాట్లాడేటప్పుడు రికార్డు అనడంలో తప్పేమీ లేదని కూడా తరగతిలో స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఇంటిదగ్గర మాటలను కూడా సరిదిద్దుకునే అనవసరపు బిడియం మొదలవుతుంది. మారవలసింది ఇంగ్లీషు వాక్యంలోని పలుకు మాత్రమే.

మూడో కుప్ప మాట చివరలో మారేది, దీనిలో రెండు పాయలు. ఒకటి ఇప్పుడు చెప్పిన ఏ-టి-ఈ మాటలు. ఎస్టిమేట్, సెపరేట్, గ్రాడ్యుయేట్, డెలిగేట్, మోడరేట్, అడ్వకేట్ – క్రియ అయినప్పుడు చివర నిండుగా 'ఏట్', నామవాచకమో విశేషణమో అయినప్పుడు చివరి అచ్చు పూర్తిగా నీరసపడి, 'అట్'కూ 'ఇట్'కూ మధ్య మింగినట్టు వినిపిస్తుంది. రికార్డ్‌లో మాదిరి ఇక్కడ ప్రధానమైన ఊనిక స్థానం మారదు, రెండింటిలోనూ మొదటి సిలబుల్ మీదనే ఉంటుంది. అందుచేత ఈ మాటలను ఊనిక మాటలతో కలిపి నేర్పితే విద్యార్థులు లేని తేడా కోసం వెతుకుతారు.

రెండో పాయ ఎస్ అక్షరానిది. యు-ఎస్-ఈ నామవాచకమైతే యూస్, క్రియ అయితే యూజ్. హౌస్, ఎక్స్‌క్యూస్, అబ్యూస్ ఇలాంటివే. క్లోస్ అంటే దగ్గర, క్లోజ్ అంటే మూయడం. చెత్త అనే అర్థంలో రెఫ్యూస్, నిరాకరించడం రిఫ్యూజ్, ఇందులో ఊనిక కూడా మారుతుంది. తెలుగు లిపిలో 'జ' అని రాయక తప్పడం లేదు గాని, అది మన జకారం కాదు. మన జకారంలో నాలుక పైకి తగిలి విడిపోతుంది, ఇక్కడ నాలుక తగలదు. సకారాన్ని పలుకుతూనే గొంతును మోగించాలి. గొంతు మీద రెండు వేళ్లు ఉంచి సకారాన్ని సాగదీసి పలికితే కదలిక ఉండదు, ఈ ధ్వనిని సాగదీస్తే గొంతు అదురుతుంది. సాగదీయడానికి వీలుకాక తెగిపోతోందంటే విద్యార్థి ఇంకా జకారమే పలుకుతున్నాడన్నమాట. ఆ ధ్వని ఇంకా పట్టుబడనివారికి మరొక దారి ఉంది. ఇంగ్లీషు వినేవారు ఈ జంటలను చివరి హల్లుతో ఎంత గుర్తుపడతారో, దానికి ముందున్న అచ్చు పొడవుతోనూ అంతే గుర్తుపడతారు. నామవాచకం యూస్‌లో 'ఊ' కొంచెం కురచ, క్రియలో సాగుతుంది. అచ్చును సాగదీయడం తెలుగువారికి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. మీ పట్టికలో బహుశా లేని ఒక జంటను ఇక్కడ చేర్చమంటాను. యు-ఎస్-ఈ-డి అని రాసినదాని తరువాత 'టు', ఆ వెంట మరో క్రియ వచ్చి 'ఒకప్పుడు చేసేవాణ్ని' అనే అలవాటును చెబితే అది యూస్ట్, వస్తువును వాడాను అనే అర్థమైతే యూజ్డ్. సంభాషణలో ఇది లెడ్, టేర్‌లకంటే చాలా ఎక్కువగా వస్తుంది. హెచ్చరిక ఒకటే: హౌస్ ఏకవచనంలో నామవాచకమే అయినా, బహువచనంలో మధ్యనున్న ఎస్ నాదం పొంది హౌజిజ్ అవుతుంది.

ఇక ఒక్క మాటను పూర్తిగా తీసుకొని, పాఠం ఎలా నడుస్తుందో చూద్దాం. ఆర్-ఈ-ఏ-డి తీసుకుంటాను. ఇది ఏ కుప్పలోనూ సరిగా ఇమడదు, ఎందుకంటే రెండు చోట్లా అదే క్రియ, అదే అర్థం, కాలం మాత్రమే మారుతుంది. వర్తమానంలో రీడ్, భూతకాలంలో రెడ్. పట్టికలో ఇది ఒక్క వరుస. వాక్యంలో దానికి ఉన్న ఆధారాలు ఎన్నో. ముందు 'టు', 'విల్', 'కెన్', 'డిడ్' వంటి సహాయక పదం ఉంటే రీడ్ తప్ప మరొకటి కాదు. ముందు 'హ్యావ్', 'హ్యాజ్', 'హ్యాడ్' ఉంటే రెడ్. కర్మణి వాక్యంలో 'వజ్' తరువాత వచ్చినా రెడ్. 'హీ' లేదా 'షీ' తరువాత సహాయక పదమేదీ లేకుండా నేరుగా వచ్చి, చివర ఎస్ లేకపోతే అది భూతకాలమే, రెడ్ అనాలి. ఈ చివరి ఆధారం పెద్దవాళ్లకు చెప్పగానే కళ్లు వెలుగుతాయి, ఎందుకంటే లేని అక్షరం కూడా సాక్ష్యం చెబుతుందని ఎవరూ అనుకోరు. కర్త 'ఐ', 'యూ', 'వీ', 'దే' అయితే మాత్రం ఈ ఆధారం పనిచేయదు. అప్పుడు 'ఎవ్రీ డే', 'యెస్టర్‌డే' వంటి కాలసూచన కోసం వెతకాలి. అది వాక్యం చివర ఉండవచ్చు, ముందు వాక్యంలో ఉండవచ్చు, ఒక్కోసారి ఎక్కడా లేకపోవచ్చు. ఎక్కడా లేనప్పుడు చుట్టూ ఉన్న క్రియలు ఏ కాలంలో ఉంటే దానినే అనుసరించాలి.

తరగతిలో దీనిని పలికించడంతో మొదలుపెట్టవద్దు, వినడంతో మొదలుపెట్టండి. మీరు ఒక రూపం పలకండి, వర్తమానమైతే ఎడమ చేయి, భూతమైతే కుడి చేయి ఎత్తమనండి. రీడ్–రెడ్‌లో అందరూ సరిగా ఎత్తుతారు. యూస్–యూజ్ దగ్గరికి వచ్చేసరికి చేతులు తడబడతాయి. వినికిడిలో తేడా తెలియనివారిని పలకమని ఒత్తిడి చేస్తే మీ ముఖంలోని భావాన్ని బట్టి ఊహించడం నేర్చుకుంటారు తప్ప ఉచ్చారణ రాదు. విన్న తరువాత మౌనంగా చదివే దశ. ఆ మాట ఉన్న వాక్యాలు నాలుగైదు ఇచ్చి, ఏ ఆధారం వల్ల ఏ ఉచ్చారణో, ఆ ఆధారమైన మాట కింద గీత గీయమనండి. హెటెరోనిమ్ కింద కాదు, ఆధారం కింద. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గాని, కన్ను ఎక్కడ చూడాలో నేర్పేది ఇదే. ఆ తరువాతనే పైకి చదివించండి. చివరగా, కొన్ని రోజులు గడిచాక, ఆ మాట ఒక్కసారి మాత్రమే వచ్చే మామూలు పేరా ఒకటి, ముందుగా ఏమీ చెప్పకుండా చదివించండి. పాఠం నిలిచిందో లేదో తెలిసేది అప్పుడే. రెండు రూపాలనూ ఒకే వాక్యంలో ఇరికించిన చమత్కార వాక్యాలు పరీక్షకు పనికిరావు. వాటిలో విద్యార్థి ముందే జాగ్రత్తపడతాడు.

రీడ్ నేర్పిన వెంటనే లీడ్ నేర్పవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. లీడ్ క్రియకు భూతకాలం లెడ్ అని పలుకుతాము, కాని దానిని ఎల్-ఈ-డి అని మూడు అక్షరాలతోనే రాయాలి. రీడ్–రెడ్ పోలికతో చాలామంది దానిని కూడా నాలుగక్షరాలతో రాస్తారు, పైగా అలా రాసిన మాట సీసం పేరుగా నిజంగానే లెడ్ అని పలుకుతుంది కాబట్టి తప్పు కంటికీ చెవికీ దొరకదు. ఇంగ్లీషే మాతృభాష అయినవారు కూడా తరచుగా చేసే తప్పు ఇది.

మీ ముందు ఇప్పుడు మూడు దారులు ఉన్నాయి. జాబితాను ఉన్నది ఉన్నట్టు ఉంచి, పాఠంగా కాక, సందేహం వచ్చినప్పుడు చూసుకునే పట్టికగా ఇవ్వడం మొదటిది. దీనికి మీరు ఏమీ చేయనక్కరలేదు. కాని సందేహం రానివారు, అంటే ఆగకుండా తప్పు పలికేవారు, దానిని ఎప్పటికీ తెరవరు. రెండోది జాబితాను పక్కన పెట్టి, చదివే పాఠంలో మాట ఎదురైనప్పుడే సరిదిద్దడం. మీ తోటి ఉపాధ్యాయురాలి మాట వింటే చేరేది ఇక్కడికే. తడబాటు త్వరగా తగ్గుతుంది, చదువులో ధార తిరిగి వస్తుంది. అయితే ఏ మాటలు నేర్చుకుంటారన్నది మీరు ఎంచుకున్న పాఠాల మీద ఆధారపడుతుంది. ఒక్కొక్క మాటా విడిగా సరిదిద్దబడుతుంది తప్ప రికార్డ్‌కూ పర్మిట్‌కూ ఉన్న పోలిక బయటపడదు. మూడోది జాబితాను కుప్పలుగా విడగొట్టి, సూత్రం ఉన్న కుప్పలను సూత్రంగా, లేని పది పన్నెండింటిని వాక్యాలుగా నేర్పడం. దీనికి తరగతులు ఎక్కువ పడతాయి. నామవాచకం, క్రియ, విశేషణం అనే మాటలకు భయపడే విద్యార్థులుంటే ముందు ఆ భయం తీర్చాలి. మినహాయింపులు చెప్పడంలో అజాగ్రత్త చేస్తే పైన చెప్పిన రిపోర్ట్ వంటి కొత్త తప్పులు పుడతాయి.

మీ విద్యార్థులు పట్టికలోని మాటలు అన్నింటినీ ఇప్పటికే గుర్తుపడుతున్నారు కనుక, నేనైతే మూడో దారికే మొగ్గుతాను. అది కూడా మూడో కుప్పలోని ఏ-టి-ఈ మాటలతో మొదలుపెడతాను. వాటిలో సూత్రం దాదాపు నిలకడగా ఉంటుంది, మాటలన్నీ తెలుగులో వాడుకలో ఉన్నవే. ఊనిక మాటలు ఆ తరువాత. టియర్, బో వంటివి చివరికి. అయితే మీ తరగతి కొద్ది వారాల్లో ముగిసేదైతే ఈ క్రమమంతా సాగదు, అప్పుడు రెండో దారి మంచిది. దానిలోనూ రీడ్, లివ్, యూజ్, క్లోజ్, ప్రెజెంట్, రికార్డ్ ఈ ఆరూ వచ్చేలా పాఠాలు ఎంచుకుంటే చాలు. ఏ దారి పట్టినా, కొంతకాలం రెండు రూపాలనూ ఒకే రోజున కొత్తగా పరిచయం చేయకండి. తరచుగా వచ్చే రూపం నోటికి స్థిరపడ్డాక రెండోది తీసుకురండి. ఇప్పటికే జంటలుగా కంఠస్థం చేసినవారికి, ఆ పట్టికను కొన్నాళ్లు మూసి ఉంచమని చెప్పండి.

కుప్పలు వేసే ముందు ప్రతి మాటనూ నిఘంటువులో మరొకసారి సరిచూసుకోండి. ఊనిక గుర్తుగా వేసే చిన్న నిలువుగీత చాలా నిఘంటువులలో ఊనిక పడే సిలబుల్‌కు ముందు ఉంటుంది, తరువాత కాదు. దానిని తిరగేసి చదివినవారి జాబితాలో నామవాచకాలూ క్రియలూ తారుమారవుతాయి. రీసెర్చ్ వంటి కొన్ని మాటల దగ్గర నిఘంటువే రెండు ఉచ్చారణలు ఇస్తుంది. అక్కడ తేడా నామవాచకానికీ క్రియకూ మధ్య కాదు, మాట్లాడే మనుషుల మధ్య, బ్రిటన్‌కూ అమెరికాకూ మధ్య. వాటిని ఏ కుప్పలోనూ వేయకుండా జాబితానుంచి తీసివేసి, విద్యార్థి ఏది పలికినా ఒప్పుకోండి.